ప్రొద్దుటూరు బంగారు అంగడిలో మనసు వేసే లెక్కలు

మైదుకూరు దగ్గర పసుపు పండించే ఒక కుటుంబం ఉందనుకుందాం. కూతురి పెళ్ళి కోసం బ్యాంకులో లక్ష రూపాయలు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేశారు. బోరు మోటారు కాలిపోయింది, ఇంట్లో ఒకరికి ఆపరేషన్ పడింది, ఇంకో లక్ష కావాలి. డిపాజిట్‌ను మాత్రం ముట్టుకోరు. ఊర్లోనే రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు. ఏడాదికి కట్టే వడ్డీ 24,000, బ్యాంకు నుంచి వచ్చేది 7,000. చేజేతులా 17,000 పోగొట్టుకుంటున్నట్టే. ఏ రూపాయైనా రూపాయే అనే పాత ఆర్థికశాస్త్రం లెక్కన ఇది తప్పు నిర్ణయం.

అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో దీనికి ఇచ్చిన వివరణ మానసిక ఖాతాలు. మనం డబ్బును మనసులో విడివిడిగా పెట్టుకుంటాం, ఒక ఖాతాలోది ఇంకో ఖాతాలోకి సులభంగా మారనివ్వం. పాల డబ్బు సరుకులకు, పసుపు డబ్బు బంగారానికి, డిపాజిట్ పెళ్ళికి. ఈ కుటుంబాన్ని తెలివితక్కువదని నేను ఒప్పుకోను. అప్పిచ్చినవాడు నెలనెలా ఇంటిముందుకు వచ్చి అడుగుతాడు కాబట్టి అప్పు తీరుతుంది. పగలగొట్టిన డిపాజిట్‌ను మళ్ళీ నింపమని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ 17,000 పెళ్ళి డబ్బు కరిగిపోకుండా కట్టుకున్న కాపలా ఖర్చు. ఎక్కువే, కానీ అర్థం లేనిది కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ ఖాతాల గోడలు అమ్మేవాళ్ళకు కూడా బాగా తెలుసు. కడప జిల్లాలో పెళ్ళి బంగారం అంటే చాలామంది ప్రొద్దుటూరుకే వెళ్తారు. ఉదయం రైతుబజారులో ఇరవై రూపాయల కోసం బేరమాడిన ఆమే, మధ్యాహ్నం బంగారు అంగడిలో తరుగు ఎంత శాతమో గట్టిగా అడగదు. పది గ్రాముల గొలుసుపై తరుగు ఒక్క శాతం తగ్గితే గ్రాములో పదో వంతు బంగారం మిగులుతుంది. ఏ రోజు ధర కట్టినా అది కూరగాయల బేరానికి ఎన్నో రెట్లు. మనస్తత్వ శాస్త్రవేత్తలు అమోస్ ట్వెర్‌స్కీ, డానియల్ కానెమన్ 1981లోనే దీన్ని చూపించారు. 15 డాలర్ల కాలిక్యులేటర్‌పై 5 డాలర్లు తగ్గుతాయంటే ఇరవై నిమిషాల దూరంలోని ఇంకో అంగడికి వెళ్తామన్నవాళ్ళు 68 శాతం. కాలిక్యులేటర్ ధర 125 డాలర్లయినప్పుడు అదే 5 డాలర్ల కోసం వెళ్తామన్నది 29 శాతమే. వస్తువు ధర పెద్దదైతే చిన్న మొత్తం కంటికి ఆనదు. పెళ్ళి ఖాతా ఎప్పుడూ పెద్దదే.

ఇక నష్టభయం. కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వంద రూపాయలు దొరికిన సంతోషం కంటే వంద పోయిన బాధ ఎక్కువ. 1992లో వాళ్ళు ఆ బరువును సుమారు 2.25 రెట్లుగా అంచనా వేశారు. కరువు ఏడాదిలో నగలు అమ్మితే అప్పు పూర్తిగా తీరిపోతుందని తెలిసినా తాకట్టే పెడతాం. అమ్మితే పోయినట్టు, తాకట్టులో ఉంటే ఇంకా మనదే. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 'కార్డుకు రెండు శాతం అదనం' అన్న బోర్డు చూస్తే ఒళ్ళు మండుతుంది, 'నగదుకు రెండు శాతం తగ్గింపు' అంటే హాయిగా ఉంటుంది. అసలు ధరను ముందే ఆ మేరకు పెంచి పెడితే, అమ్మేవాడికి చేరే డబ్బు రెండింటిలోనూ దాదాపు ఒకటే.

నెలవారీ బంగారు స్కీముల్లో మానసిక ఖాతాలు, నష్టభయం రెండూ కలుస్తాయి. కొన్ని చోట్ల పదకొండు నెలలు కడితే పన్నెండో కంతు అంగడే ఇస్తుంది. కట్టే అలవాటు అవుతుంది, అది మేలే. ఒక్క నెల తప్పితే బోనస్ పోతుందన్న టెన్షన్ వల్ల సరుకుల డబ్బు కూడా దానికే పోతుంది. చివరికి చేతికి వచ్చేది నగదు కాదు, ఆ అంగడిలోనే నగ కొనాలి.

మనసు వేసే ఇలాంటి లెక్కలను గమనించి మనుషులను ఒక వైపుకు మళ్ళించే పద్ధతి పేరు నడ్జ్. అంటే దేన్నీ నిషేధించకుండా, డబ్బు లాభనష్టాలను పెద్దగా మార్చకుండా, ఎంచుకునే తీరును కొంచెం మలచడం. థేలర్, న్యాయశాస్త్ర పండితుడు కాస్ సన్‌స్టీన్ 2008లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. నా దృష్టిలో దాన్ని కొలవాల్సిన గీటురాయి ఒకటే: చేరినంత సులభంగా బయటికి రావచ్చా? అడగకుండానే బిల్లులో అదనపు వస్తువు చేర్చడం, 'ఇంకా రెండే మిగిలాయి' అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం లాంటి 13 మోసపు పద్ధతులను ఆన్‌లైన్ అమ్మకాల్లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆ నియమాల్లోని ఆలోచన గల్లాపెట్టె దగ్గర కూడా పనికొస్తుంది. స్కీము పుస్తకం మొదటి పేజీలోనే తెలుగులో, పెద్ద అక్షరాలతో మూడు సంగతులు అచ్చు వేయాలి: మధ్యలో మానుకుంటే నగదు వెనక్కి వస్తుందా, చివర్లో కొనే నగపై తరుగు ఎంత, మజూరీ ఎంత.