ఆ లైన్లు పంపకురా తమ్ముడూ, ఇవి పంపు

ఒరేయ్, నీ ఫ్రెండ్ రాసిచ్చిన లైన్లన్నీ చదివాను. "వీటిలో ఏది పంపనక్కా" అని అడిగావు కదా, ఒక్కటీ పంపకు. ఫొటోగ్రఫీ క్లాసులో పరిచయమైన ఆ అమ్మాయితో మూడు వారాలుగా బాగానే మాట్లాడుతున్నావు, తను నీ మాటలకి నవ్వుతోంది, ఒక్కోసారి తనే ముందు మెసేజ్ చేస్తోంది, ఇంత బాగా నడుస్తున్నప్పుడు మధ్యలో ఈ ఎత్తులు ఎందుకు చెప్పు? ఊరికే వద్దంటే నువ్వు వినవని తెలుసు. అందుకే ఒక్కో లైనూ తీసుకుని, అది చదివిన మనిషికి ఎలా ఉంటుందో, దాని బదులు ఏం రాయొచ్చో రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ఏ మెసేజ్ అయినా నేను చూసేది ఒక్కటే. అది చదివాక తను హాయిగా "వద్దు" అనగలదా? వద్దంటే తను చెడ్డదైపోతుందా, పిరికిదైపోతుందా, నిన్ను బాధపెట్టినదైపోతుందా? అలా ఏదో ఒకటి అయిపోయేట్టు రాస్తే, ఎంత తియ్యగా ఉన్నా అది ఒత్తిడే.

మొదటి లైను: "నిజానికి నువ్వు నా టైప్ కాదు, కానీ నీలో ఏదో ఉంది." దాని కిందే ఇంకోటి: "ఫోటోల్లో కంటే బయటే కాస్త నయం నువ్వు." దీన్ని నెగ్గింగ్ అంటారు. అమ్మాయిల్ని ఎలా పడేయాలో డబ్బు తీసుకుని నేర్పే పికప్ ఆర్టిస్టులనే వాళ్లు 2000 తర్వాత దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. పైకి పొగడ్తలా ఉంటుంది, లోపల చిన్న గిల్లుడు ఉంటుంది. ఆ గిల్లుడుకి మనిషి కాస్త తగ్గినట్టు ఫీలై, ఆ తగ్గింది మళ్లీ నీ నోటితోనే బాగు చేయించుకోవాలని నీ మెప్పు కోసం చూస్తుందని వాళ్ల లెక్క. ఒక్కోసారి పని చేస్తుంది కూడా, పని చేయదని నీకు అబద్ధం చెప్పను. కానీ అలా దగ్గరైన మనిషికి నువ్వంటే ఇష్టమో, నువ్వు తక్కువ చేస్తావేమోనన్న భయమో నీకు ఎప్పటికీ తెలీదు. ఆ అమ్మాయికీ తెలీదు.

దాని బదులు ఇది పంపు: "మొన్న క్లాసులో నువ్వు చూపించిన ఫోటోలు ఇంకా గుర్తొస్తున్నాయి. అందరం ముఖాలు తీస్తుంటే నువ్వు చేతులు తీశావు. ఆ ముసలాయన చేతులు మరీ బాగున్నాయి." చూశావా, ఇందులో "కానీ" లేదు. తను చేసిన పనిని నువ్వు నిజంగా చూశావని తెలుస్తుంది. జవాబుగా ఒక థాంక్స్ చెప్పి ఊరుకున్నా తనకి ఏ ఇబ్బందీ లేదు.

అయితే ఆటపట్టించకూడదా అంటావేమో. పట్టించు, మీ ఇద్దరి మాటల్లో నాకు బాగా నచ్చింది అదే. "నీ కెమెరా బ్యాగులో కెమెరా తప్ప అన్నీ ఉంటాయి" అన్నావు చూడు, దానికి తను "నీ బ్యాగులో కెమెరా ఉంటుంది, చార్జింగే ఉండదు" అంది. అది సరసం. తను తిరిగి అనగలిగింది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఒంటి రంగు, బరువు, తెలివి, ఇంట్లోవాళ్లు, తను దాచుకునే విషయాలు, వీటి జోలికి వెళ్తే మాత్రం అది ఆట కాదు. ఎప్పుడైనా నోరు జారి, తను ముభావంగా అయిపోతే, "అబ్బా సరదాకి అన్నాను, నువ్వే సీరియస్‌గా తీసుకున్నావు" అనే లైను ఆ లిస్టులో ఉంది కదా, దాన్ని అస్సలు వాడకు. అలా అంటే, బాధపెట్టింది నువ్వైనా తప్పు తనదే అన్నట్టు అవుతుంది. "ఆ మాట అనకుండా ఉండాల్సింది. సారీ. మళ్లీ అనను" చాలు. ఆ తర్వాత "ఇంకా కోపమేనా? ఒక్క స్మైలీ పంపు" అని వెంటపడకు, సారీ చెప్పాక తను ఎంతసేపు తీసుకుంటుందో తన ఇష్టం.

"నువ్వు మిగతా అమ్మాయిల్లా కాదు" అనేది నీకు బాగా నచ్చిందన్నావు. వినడానికి బానే ఉంటుంది. కానీ మిగతా అమ్మాయిలంటే ఎవరు? తన ఫ్రెండ్సు, అక్కచెల్లెళ్లు, నేనూ. వాళ్లందర్నీ ఒక మెట్టు దించి తనని ఎక్కించావు, రేపు తనూ వాళ్లలా ఒక పని చేస్తే, అంటే కోప్పడితే, డబ్బు గురించి మాట్లాడితే, నీ మాటకి ఎదురు చెప్తే, "నువ్వూ అందరి లాంటిదానివే" అని దింపేస్తావేమోనన్న బెంగ అక్కడి నుంచే మొదలవుతుంది. "నీతో మాట్లాడుతుంటే టైమ్ తెలీడం లేదు" అను, ఎవరితోనూ పోల్చకుండా.

ఇప్పుడు అసలైనవి, గిల్టు లైన్లు. వీటి గురించే నాకు ఎక్కువ బెంగ, ఎందుకంటే వీటిలో కొన్ని నువ్వు నిజంగా ఫీలై రాసేవే. "నీ మెసేజ్ కోసం రాత్రంతా మేలుకున్నాను, నువ్వేమో హాయిగా పడుకున్నావు." "పర్లేదులే, నేనంటే నీకు లెక్కలేదని తెలుసు." "రెండు నిమిషాలు కూడా లేవా నా కోసం?" "ఇంత చేశాను నీ కోసం, ఒక్క కాల్ మాట్లాడలేవా?" ఎదురుచూడటం నీ ఇష్టంతో నువ్వు చేసిన పని, తను అడగలేదు. అడగని దానికి బిల్లు పంపితే ఎవరైనా ఏం చేస్తారు? మొదట్లో జాలిపడి కడతారు, తర్వాత నీ పేరు స్క్రీన్ మీద కనబడగానే టెన్షన్ పడతారు. 1966లో జాక్ బ్రెమ్ అనే అమెరికన్ సైకాలజిస్టు రాసిన సిద్ధాంతం ఒకటుంది, తన స్వేచ్ఛ ఎవరో లాగేసుకుంటున్నారని అనిపిస్తే మనిషి మనసు దాన్ని తిరిగి దక్కించుకోవడానికి ఎదురు తిరుగుతుందని. నీ మెసేజ్‌కి జవాబివ్వాలని తనకి ఉన్నా, ఇచ్చి తీరాలన్నట్టు నువ్వు రాస్తే ఆ ఉన్న ఇష్టమూ పోతుంది.

అలాగని బాధ దాచుకోమని చెప్పడం లేదు. దాచుకుంటే అది వెటకారంగా బయటికొస్తుంది. నీకెలా అనిపించిందో చెప్పు, దాన్ని తన మెడకి చుట్టకు. "నిన్న నీ మెసేజ్ వస్తుందేమో అని చూశాను, రాకపోతే కొంచెం వెలితిగా అనిపించింది. నువ్వు పనిలో ఉండి ఉంటావు, వీలైనప్పుడు మాట్లాడుకుందాం." ఇది ఒకసారి పంపు. రోజూ పంపితే ఇదీ గిల్టు లైనే అవుతుంది, పదాలు ఎంత మర్యాదగా ఉన్నా సరే. నిజంగా నీకు ఇబ్బందిగా ఉంటే సూటిగా అడుగు: "నాకు గబగబా రిప్లైలు ఇచ్చుకోవడం అలవాటు, నీకు నిదానంగా మాట్లాడటం ఇష్టమా? చెప్తే నేను అలా సర్దుకుంటాను."

"నువ్వు లేకపోతే నేను బతకలేను" అనే లైను చూసి నిజంగా భయమేసింది. మూడు వారాల పరిచయానికి ఆ మాట అంటే, అవతలి మనిషి ఇక వెళ్లిపోవడానికి వీల్లేకుండా తలుపు మూసేసినట్టే. ఎప్పుడైనా నీకు నిజంగానే బతకాలనిపించకపోతే, అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి, మనిద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఆ భారం ఆ అమ్మాయి మీద పెట్టకు. "దేవుడే నిన్ను నా కోసం పంపాడు" లాంటివి కూడా ఇప్పుడే వద్దు, తనకి నిన్ను తెలుసుకునే టైమ్ ఇవ్వకుండా ముంచెత్తడమే అది.

నీ ఫ్రెండ్ లైన్లు కాకుండా ఒక సలహా కూడా ఇచ్చాడు కదా, "రెండ్రోజులు ఫుల్లుగా మాట్లాడు, తర్వాత రెండ్రోజులు మెసేజ్ చూసి కూడా రిప్లై ఇవ్వకుండా వదిలేయ్, తనే వెతుక్కుంటూ వస్తుంది" అని. ఇది ఎందుకు పని చేస్తుందో చెప్తాను. బి.ఎఫ్. స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేంటంటే, మీట నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే, గింజ ఆగిపోగానే అవి కాసేపటికి నొక్కడం మానేస్తాయి, ఎప్పుడొస్తుందో తెలీకుండా వస్తుంటే మాత్రం రావడం ఆగిపోయాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంటాయి. జూదం మిషన్లు నడిచేదీ ఈ పద్ధతి మీదే. ఇష్టమైన అమ్మాయిని అలా ఫోన్ పట్టుకుని కూర్చోబెట్టాలని నీకు ఉందా? బిజీగా ఉంటే "ఈ రెండ్రోజులు పరీక్షల పనిలో ఉంటాను, శనివారం క్లాసులో కలుద్దాం" అని చెప్పి వెళ్లు.

"ఈరోజు ఒకమ్మాయి నా నంబర్ అడిగింది, ఇవ్వనా?" ఇదీ అలాంటిదే, తను అసూయ పడుతుందో లేదో చూసే పరీక్ష. తెలుసుకోవాలంటే అడుగు. "నీ ఫ్రెండ్స్ నిన్ను అర్థం చేసుకోలేరు, నేనే చేసుకోగలను" అనే దాని మీద టైమ్ వేస్ట్ చేయను, తన ఫ్రెండ్స్ జోలికి వెళ్లకు, అంతే.

కొన్ని లైన్లకి మంచి రూపమే ఉండదు. "నా మీద నమ్మకం ఉంటే ఒక్క ఫోటో పంపు." "భయమా? ఇంత పిరికిదానివనుకోలేదు." "ముద్దే కదా, దానికే ఇంత ఆలోచనా?" వీటిని ఎంత మెత్తగా రాసినా లాభం లేదు, తీసెయ్. ముందు చిన్నది అడిగి ఒప్పించుకుంటే తర్వాత పెద్దదానికి ఒప్పుకునే అవకాశం పెరుగుతుందని ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు పరిశోధకులు 1966లోనే చూపించారు, ఈ "ఒక్కటే కదా" అనేవన్నీ ఆ దారిలో నడిచేవే. దగ్గరగా కూర్చున్నప్పుడు తన చెయ్యి పట్టుకోవాలనిపిస్తే "నీ చెయ్యి పట్టుకోవచ్చా?" అని అడుగు. అడిగితే మూడ్ పోతుందని నీ ఫ్రెండ్ అంటాడు, పోదు. తను "ఊహూ" అంటే "సరే" అని ఇందాకటి కబుర్లే కొనసాగించు. ముఖం ముడుచుకుంటే ఆ అడగడానికి అర్థం లేకుండా పోతుంది.

ఇవే మాటలు ఎవరైనా నీతో అన్నా అంతే రా, అమ్మాయి అన్నా సరే. "అలా అనడం నాకు నచ్చలేదు" అని మామూలుగా చెప్పి చూడు. "అయ్యో, సారీ" అన్నారంటే పొరపాటున అన్నట్టు. "నీకు జోక్ కూడా అర్థం కాదా" అని ఎదురు దాడి చేస్తే ఇక అక్కడ ఎక్కువసేపు ఉండకు.

ఇక నువ్వు నిజంగా పంపాల్సిన మెసేజ్. శనివారం క్లాసు అయ్యాక, అర్ధరాత్రి కాకుండా సాయంత్రం పూట పంపు:

"నీతో మాట్లాడటం నాకు చాలా ఇష్టంగా ఉంది, ఫ్రెండ్‌గా మాత్రమే కాదు. వచ్చే ఆదివారం మనిద్దరమే కెమెరాలు తీసుకుని ఎక్కడికైనా వెళ్దామా? నీకు అలాంటి ఉద్దేశం లేకపోతే నిస్సంకోచంగా చెప్పు, క్లాసులో మనం ఎప్పటిలాగే ఉంటాం. ఇప్పుడే చెప్పక్కర్లేదు."

తను సరే అంటే టైమ్, చోటు తననే ఎంచుకోమను. ఏమీ చెప్పకపోతే దీని గురించి మళ్లీ అడగకు, ఫోటోల గురించి ఎప్పటిలా మాట్లాడు. వద్దంటే ఇలా రాయి: "చెప్పినందుకు థాంక్స్, అర్థమైంది. క్లాసులో కలుద్దాం." ఎందుకు వద్దో అడగొద్దు, స్టేటస్‌లో విషాదం పాటలు పెట్టొద్దు, తన ఫ్రెండ్‌తో రాయబారం పంపొద్దు. క్లాసులో ఎప్పటిలాగే ఉంటామని రాశావు కాబట్టి అలాగే ఉండు. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి.