హెచ్చెమ్ గారి వీడ్కోలు కానుక: నా వంతు డబ్బు గురించి

‘31 వీడ్కోలు’ గ్రూపు (హెచ్చెమ్ గారు లేనిది), 14 జులై, రాత్రి 7:52

రమణ మాస్టారు (లెక్కలు): అందరికీ నమస్కారం. మన హెచ్చెమ్ గారు 31న రిటైర్ అవుతున్నారని తెలిసిందే. సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో అనుకున్న లెక్క ఇది. వెండి దీపపు కుందులు 22,000. శాలువా, దండలు 2,500. సన్మాన పత్రం రాయించడం, డీటీపీ, ఫ్రేము 2,000. భోజనాలు 60 మందికి 150 చొప్పున 9,000. మైకు 500. మొత్తం 36,000. మనం 24 మందిమి, తలకు 1,500. 20వ తేదీలోగా నా నంబరుకు ఫోన్‌పే చేయగలరు. 21న కుందులకు అడ్వాన్సు ఇవ్వాలి.

సుజాత (బయాలజీ) నుంచి రమణ మాస్టారికి విడిగా, రాత్రి 8:30

రమణ మాస్టారూ, నమస్తే. గ్రూపులో పెట్టేముందు మీకు చెప్పడం మర్యాద అని ఇక్కడ రాస్తున్నాను. హెచ్చెమ్ గారి కానుకకు నేను డబ్బు వేయడం లేదండి. ‘చూస్తాను’, ‘తర్వాత పంపుతాను’ అంటే మీరు 20 దాకా నా కోసం చూస్తారు. 21న అడ్వాన్సు ఇచ్చాక తెలిస్తే ఆ 1,500 మీ జేబులోంచి పోతుంది. అందుకే ఈ రాత్రే చెప్పేస్తున్నాను.

కారణం ఇంటి ఖర్చులే. పిల్లల ఫీజులు, హాస్టలు అన్నీ ఈ నెలలోనే పడ్డాయి, ఈ ఏడాదికి చందాలు పక్కన పెట్టాను. ఈ మాట మీ దగ్గరే ఉంచండి, గ్రూపులో కారణం రాయను. హెచ్చెమ్ గారి మీద గానీ, కుందుల మీద గానీ, మీరు వేసిన లెక్క మీద గానీ నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నేను తప్పుకుంటే మీకు వచ్చే తేడా ఇదీ. 23 మందికి 34,500 వస్తుంది. ఆ రోజు నేనూ భోంచేస్తాను కాబట్టి నా భోజనం 150 పంపిస్తున్నాను, దాన్ని భోజనాల కిందే రాసుకోండి, కానుకలో కలపొద్దు. ఇక తగ్గేది 1,350. దాన్ని మిగతావాళ్ల మీద పంచొద్దండి. తలకు అరవై రూపాయలే కావచ్చు, కానీ ఒకసారి 1,500 అని పెట్టాక 1,560 అంటే ‘ఎందుకు పెరిగింది?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, మీరు నా పేరు చెప్పాల్సి వస్తుంది.

రెండు చోట్ల తగ్గించొచ్చు అనిపిస్తోంది. భోజనాలు 60 చెప్పారు. మనం 24, హెచ్చెమ్ గారి ఇంటివాళ్లు పదిమంది, కమిటీవాళ్లూ పాత స్టాఫూ కలిపి పదిహేను. యాభై దాటదు. అప్పటికప్పుడు వచ్చేవాళ్లను కలుపుకున్నా 55 చాలు, 750 మిగులుతుంది. సన్మాన పత్రం నేనే రాసి, టైపు చేసి, తప్పులు దిద్ది ఫైలు ఇస్తాను. అప్పుడు రాసినందుకూ టైపుకూ ఇచ్చేది పోయి ప్రింటు, ఫ్రేము ఖర్చే ఉంటుంది. అక్కడ 600 తగ్గితే లెక్క సరిపోయినట్టే.

ఇంకో మాట, ఇది నా గురించి కాదు. ఆ 24లో ఆయానూ వాచ్‌మన్‌నూ కలిపినట్టున్నారు. వాళ్ల చేతికొచ్చేదానికి 1,500 పెద్ద మొత్తం. వాళ్లు గ్రూపులో నోరు తెరిచి చెప్పరు. మీరొకసారి విడిగా ‘తోచింది ఇవ్వండి’ అంటే బాగుంటుందేమో. మీ ఇష్టం.

రమణ మాస్టారు, రాత్రి 9:05

అయ్యో మేడమ్, ఇంత వివరం దేనికండీ. మీ వంతు నేను వేసేస్తాను, దసరాకో ఎప్పుడో ఇద్దురుగాని. అదీ కాదంటే ఓ 500 వేయండి, జాబితాలో పేరుంటుంది. ఒక్కరి పేరు లేకపోతే వెలితిగా ఉంటుంది.

సుజాత, రాత్రి 9:20

మీరు అలా అంటారని తెలుసు మాస్టారూ, మీ మంచితనం అది. కానీ మీరు వేయొద్దు. మీరు వేస్తే అది నాకు అప్పు అవుతుంది. మీరు అడగలేరు, నేను మరిచిపోలేను, ఎదురుపడినప్పుడల్లా ఇద్దరికీ ఇబ్బంది. 500 కూడా వద్దండి. అందరూ 1,500 వేసిన చోట నాది 500 అని కనపడితే, వేయకపోవడం కన్నా అదే ఎక్కువ మాటలకు దారి తీస్తుంది. రేపు ఇంకొకరు ‘ఆవిడకు 500 అయితే మాకెందుకు 1,500’ అంటే మీ లెక్క చెదిరిపోతుంది.

జాబితా సంగతికి ఒక దారి ఉంది. కుందుల పెట్టె మీదా, సన్మాన పత్రం కిందా విడివిడి పేర్లు వేయకుండా ‘ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర సిబ్బంది’ అని ఒక్క వరుస వేయిద్దాం. ఎప్పుడూ వేసేది అదే కదా. ఎవరు వేశారో ఎవరు వేయలేదో అన్న ప్రశ్నే రాదు. పేర్లతోనే వేయాలని అందరూ అంటే నా పేరు తీసేయండి, నాకేమీ అనిపించదు.

భోజనం 150 ఇప్పుడే పంపాను, చూసుకోండి. ఇక గ్రూపులో నాలుగు ముక్కలు పెట్టేస్తాను.

గ్రూపు, రాత్రి 9:41

సుజాత: రమణ మాస్టారూ, లెక్క విడమరిచి పెట్టినందుకు ధన్యవాదాలు. ఈసారి కానుకలో నేను డబ్బు వేయడం లేదండి, మాస్టారికి చెప్పాను. సన్మాన పత్రం రాసి టైపు చేసే పని నాది. పాత ఫోటోలు ఎవరి దగ్గర ఏవి ఉన్నా 22లోగా నాకు పంపండి, వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే ప్రింటులో మసకబారవు. 31న పొద్దున 8:30 కల్లా వచ్చి స్టేజి చూసుకుంటాను. కుందులు చాలా మంచి ఎంపిక.

రమణ మాస్టారు: అలాగే మేడమ్. సన్మాన పత్రం ఎవరు రాస్తారా అనే అనుకుంటున్నాను.

గ్రూపు, 15 జులై, ఉదయం 7:15

శ్రీనివాస్ (పీఈటీ): ఏంటి మేడమ్, హెచ్చెమ్ గారు మొన్న సీఎల్ ఇవ్వలేదనా 😄

సుజాత: సీఎల్ ఇచ్చారు సార్, ఆ రోజు నా పీరియడ్ మీకు వేసినట్టున్నారు, కోపం మీకుండాలి 😄 ఇంతకీ స్పోర్ట్స్ డే ఫోటోల్లో హెచ్చెమ్ గారు తాడు లాగుతున్నది మీ దగ్గరుంది కదా, అది మాత్రం తప్పకుండా కావాలి.

శ్రీనివాస్: ఉంది ఉంది, పంపిస్తా.

పద్మ మేడమ్ (తెలుగు) నుంచి సుజాతకు విడిగా, 15 జులై, మధ్యాహ్నం 12:50

సుజాతా, నువ్వు ధైర్యంగా చెప్పేశావు. నాకూ ఈ నెల కష్టంగానే ఉంది. నీ మెసేజ్ కింద ‘నేను కూడా’ అని పెట్టేస్తాను.

సుజాత, మధ్యాహ్నం 1:10

పద్మక్కా, వేయకపోవడం నీ ఇష్టం, అందులో తప్పేం లేదు. నా మెసేజ్ కింద మాత్రం పెట్టకు. ఒకరు చెబితే అది సొంత సంగతి. దాని కిందే ఇంకొకరు చెబితే మనిద్దరం కలిసి అనుకున్నట్టు ఉంటుంది, మూడో మనిషి చేరితే కానుకకే వ్యతిరేకం అయినట్టు. పాపం రమణ మాస్టారు బాధ పడతారు. నువ్వు ఆయనకే ఫోన్ చెయ్. వేయలేను అనుకుంటే అదే చెప్పు. వేయాలనుంది గానీ ఇప్పుడు చేతిలో లేదు అనుకుంటే ‘ఆగస్టు 1న జీతం పడగానే ఇస్తాను’ అని తేదీతో చెప్పు. ఆయనకు ఆ రెండూ ఒకటి కావు, ఒకదానికి లెక్క మార్చుకోవాలి, రెండోదానికి సర్దుకుంటే చాలు. నా పేరు మధ్యలోకి తేవద్దు.

సన్మాన పత్రంలో మొదటి పేరా రాశాక నీకు పంపుతాను, తెలుగు మేడమ్ చూడకుండా అచ్చుకు వెళ్తే నాకే నవ్వు.

గ్రూపు, 19 జులై, సాయంత్రం 6:20

జూనియర్ అసిస్టెంట్ కిరణ్: ఇప్పటిదాకా అందినవి 20 ✅. పెండింగ్: పద్మ మేడమ్, సుజాత మేడమ్, ఆయా, వాచ్‌మన్.

సుజాత నుంచి కిరణ్‌కు విడిగా, సాయంత్రం 6:26

కిరణ్ గారూ, నమస్తే. జాబితాలో నా పేరు పెండింగ్‌లో ఉంది. నేను కానుకకు వేయడం లేదని 14నే రమణ మాస్టారికి చెప్పాను, మీకు చేరి ఉండదు. పెండింగ్ అంటే ఇస్తానని ఆపినట్టు అవుతుంది, దాంతో మీ లెక్కలో 1,500 వచ్చేదిగా ఉండిపోతుంది. నా వరుస తీసేయగలరా. గ్రూపులో వివరణ ఏమీ రాయకండి, ఆ మెసేజ్ డిలీట్ చేసి మొత్తం ఒక్కటే పెట్టండి: ‘20 మంది నుంచి 30,000 అందింది’ అని. అడ్వాన్సుకు కావాల్సింది ఆ అంకె కదా. మిగతావాళ్లను రమణ మాస్టారు విడిగా అడుగుతారు. ఆయా, వాచ్‌మన్‌ల పేర్లు అందరి ముందు ఉండటం కూడా బాగోలేదేమో చూడండి.

కిరణ్, సాయంత్రం 6:31

సారీ మేడమ్, నాకు తెలియలేదు. మార్చేస్తున్నాను.

సుజాత, సాయంత్రం 6:32

సారీ దేనికండీ, మీ తప్పేం లేదు. థాంక్యూ.

సుజాత నుంచి రమణ మాస్టారికి విడిగా, 24 జులై, రాత్రి 9:00

మాస్టారూ, సన్మాన పత్రం పీడీఎఫ్ పంపుతున్నాను. పద్మక్క రెండుసార్లు చదివింది. A3 సైజులో చేశాను, ఫ్రేము షాపువాడికి చుట్టూ అంగుళం మార్జిన్ వదలమని చెప్పండి, లేకపోతే కింద ‘ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర సిబ్బంది’ వరుస ఫ్రేము లోపలికి పోతుంది. హెచ్చెమ్ గారు ఉద్యోగంలో చేరిన తేదీ సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్నట్టే వేశాను, కిరణ్ గారు సరిచూశారు. 28కల్లా ఫ్రేము చేతికొస్తే గాజు పగిలినా మార్చుకోడానికి రెండు రోజులుంటాయి.

రమణ మాస్టారు, రాత్రి 9:14

చాలా బాగుంది మేడమ్. మూడో పేరా చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. భోజనాలు 55 కే చెప్పాను. ఆయా 200, వాచ్‌మన్ 300 ఇచ్చారు, సంతోషంగా. వాళ్ల దగ్గర తగ్గింది నేను సర్దేశాను. పద్మ మేడమ్ ఒకటో తారీకున ఇస్తానన్నారు, అప్పటిదాకా కేటరింగ్ అతను ఆగుతానన్నాడు. అన్నట్టు ఆగస్టులో క్లర్క్ గారి అమ్మాయి పెళ్లికి కూడా అందరం కలిసి ఏదైనా ఇద్దాం అంటున్నారు. మిమ్మల్ని కలపనా వద్దా?

సుజాత, రాత్రి 9:20

అడిగినందుకు థాంక్స్ మాస్టారూ. కలపొద్దండి. పెళ్లికి నేను విడిగా వెళ్తాను, చదివింపులు అక్కడే ఇచ్చుకుంటాను. గ్రూపు లెక్క వేసేటప్పుడే నన్ను వదిలేసి మొదలుపెట్టండి, మళ్లీ తగ్గించే పని మీకు ఉండదు. 31న పొద్దున స్టేజి తాళం ఎవరి దగ్గరుంటుంది? వాచ్‌మన్ దగ్గరే అయితే ఎనిమిదింటికే వచ్చేయమని ఒక మాట చెప్పండి.