విధులకు ఆలస్యంగా హాజరు కావడంపై హెచ్చరిక లేఖ (సవరించిన ప్రతి)

డిస్పాచ్ మేనేజర్ గారికి,

రమేష్ గారికి ఇవ్వడానికి మీరు రాసిచ్చిన హెచ్చరిక లేఖ చిత్తుప్రతిని మార్చి పంపుతున్నాను. మీ కోపం అర్థమైంది. పొద్దున్నే లారీ డ్రైవర్లకు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే కదా. కానీ ‘రోజూ లేటే’ అని రాశారు. హాజరు రికార్డులో ఉన్నవి ఐదు రోజులు. ‘ఉద్యోగమంటే లెక్కలేదు’ అన్నది ఆయన మనసులో మాట, మనకు తెలిసే వీల్లేదు. ‘రేపటి నుంచి రానక్కర్లేదు’ అనే అధికారం ఈ లేఖకు లేదు. ఆ మూడూ తీసేశాను. ఆయన ముందే ఫోన్ చేసిన రోజును మీరు లెక్కలో కలిపారు, అదీ తీసేశాను. చదివి, సరేననుకుంటే సంతకం చేసి ఆయనకు విడిగా పిలిచి ఇవ్వండి, అందరి ముందూ వద్దు.

— హెచ్‌ఆర్ విభాగం

తేదీ: 1 జులై 2025

శ్రీ రమేష్ గారికి,
సీనియర్ అసిస్టెంట్, డిస్పాచ్ విభాగం

విషయం: జూన్ నెలలో విధులకు ఆలస్యంగా రావడం – మొదటి లిఖితపూర్వక హెచ్చరిక

రమేష్ గారూ,

మీ షిఫ్టు ఉదయం 9:00 గంటలకు మొదలవుతుంది. పది నిమిషాల వరకు గ్రేస్ టైమ్ ఉంది. బయోమెట్రిక్ రికార్డు ప్రకారం జూన్‌లో మీరు ఆ గడువు దాటి వచ్చిన రోజులు ఇవి: 3న 9:25కి, 10న 9:40కి, 11న 9:18కి, 24న 9:32కి, 27న 9:50కి. ఈ ఐదు రోజుల్లో ఏ రోజూ ముందుగా సమాచారం అందలేదు.

జూన్ 16న మీరు 10:05కి వచ్చారు. కానీ పాపకు జ్వరమని ఉదయం 7:30కే ఫోన్ చేసి చెప్పారు కాబట్టి ఆ రోజును లెక్కించలేదు. 19న బయోమెట్రిక్ మిషన్ పనిచేయలేదు, అందువల్ల అదీ లెక్కలో లేదు.

రాత్రి షిఫ్టు వారు లోడింగ్ షీట్లు మీకు అప్పగించాకే ఇంటికి వెళ్లగలరు. 10, 24, 27 తేదీల్లో మీరు వచ్చేదాకా వారు ఆగాల్సి వచ్చింది. 27న 9:30కి బయల్దేరాల్సిన లారీ 10:10కి కదిలింది. ఆ రోజు ఇన్‌వాయిస్ ప్రింటర్ కూడా కాసేపు మొరాయించింది కనుక ఆ జాప్యమంతా మీ వల్లే జరిగిందని మేము అనడం లేదు.

ఈ విషయమై మే 20న మీతో మాట్లాడాము. బస్సు వేళలు మారాయని అప్పుడు మీరు చెప్పారు. 9:30 షిఫ్టుకు మారే వీలుందని చెప్పగా, ఆలోచించి చెబుతానన్నారు. ఆ తర్వాత మీ నుంచి జవాబు రాలేదు. ఆ అవకాశం ఇప్పటికీ ఉంది. కావాలంటే జులై 8లోగా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, చాలు.

మీ పని నాణ్యతపై మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఈ లేఖ సమయపాలన గురించి మాత్రమే.

జులై 2 నుంచి ఆగస్టు 31 వరకు మీరు షిఫ్టు వేళకు హాజరు కావాలి. తప్పనిసరై ఆలస్యమయ్యేటట్లయితే షిఫ్టు మొదలయ్యేలోగా నాకు గానీ, షిఫ్టు ఇన్‌చార్జికి గానీ ఫోన్ చేయాలి. మెసేజ్ పెట్టినా ఫర్వాలేదు. ఈ రెండు నెలల్లో సమాచారం లేకుండా రెండుసార్లకు మించి ఆలస్యమైతే విషయాన్ని శాఖాపరమైన విచారణకు పంపుతాము. ఆ విచారణలో మీ వాదన వినకుండా ఏ నిర్ణయమూ ఉండదు. ఈ హెచ్చరిక వల్ల ఇప్పుడు మీ జీతంలో కోత ఏదీ లేదు.

పై తేదీల్లో గానీ, సమయాల్లో గానీ పొరపాటు ఉందనిపిస్తే, లేదా మాకు తెలియని కారణం ఏదైనా ఉంటే, జులై 8లోగా రాతపూర్వకంగా తెలపండి. ఇంటి పరిస్థితులో, ఆరోగ్యమో అయి అందరికీ తెలియకూడదనుకుంటే నేరుగా హెచ్‌ఆర్ విభాగానికి చెప్పవచ్చు. మాట్లాడేటప్పుడు మీకు నచ్చిన సహోద్యోగిని వెంట తెచ్చుకోవచ్చు. మీ వివరణను ఈ లేఖతో పాటే ఫైల్లో ఉంచుతాము. ఆగస్టు 31 వరకు మళ్లీ ఇబ్బంది రాకపోతే ఈ హెచ్చరికను ముగిసినట్టుగా ఫైల్లో నమోదు చేస్తాము.

ఇట్లు,
డిస్పాచ్ మేనేజర్

ప్రతి: హెచ్‌ఆర్ విభాగం, ఉద్యోగి వ్యక్తిగత ఫైలు

జతచేసినది: జూన్ 2025 హాజరు రికార్డు నకలు

ఈ లేఖ నాకు అందింది. ఈ సంతకం లేఖ అందినందుకే తప్ప, ఇందులోని విషయాలను అంగీకరించినట్టు కాదు.

ఉద్యోగి సంతకం, తేదీ