మనాలి హోటల్‌కు హీటింగ్ లోడ్ లెక్క: గాలి చొరబాటు, విరామ హీటింగ్ సవరణతో

ఈ లెక్క హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలిలో, సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున కట్టబోయే 24 గదుల హోటల్‌కు సంబంధించినది. కింది అంతస్తులో లాబీ, భోజనశాల, వంటగది ఉంటాయి. పై రెండు అంతస్తులలో ఒక్కో దానికి 12 గదులు. ప్లాను 30 × 14 మీటర్లు, మొత్తం ఎత్తు 9 మీటర్లు. బయటి ఉష్ణోగ్రత –5, లోపల 21 డిగ్రీల సెల్సియస్ అని యాజమాన్యంతో అనుకున్నాము కనుక తేడా 26 డిగ్రీలు. ఎండ, దీపాలు, మనుషుల వల్ల వచ్చే వేడిని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే తెల్లవారుజామున సగం ఖాళీగా ఉన్న హోటల్‌ను కూడా బాయిలర్ వెచ్చగా ఉంచగలగాలి.

గోడలు 230 మి.మీ. ఇటుకవి, వాటికి బయటివైపు 50 మి.మీ. రాక్‌వూల్ ఉంటుంది. కిటికీలకు రెండు పొరల అద్దం వాడతారు. కింది లెక్కల్లో మొదటి అంకె చదరపు మీటర్లలో విస్తీర్ణం, నేల అంచుకు మాత్రం మీటర్లలో పొడవు; రెండోది ఒక్కో చదరపు మీటరు లేదా మీటరు నుంచి డిగ్రీకి పోయే వేడి వాట్లలో; మూడోది ఉష్ణోగ్రత తేడా.

| భాగం | లెక్క | వాట్లు |
|---|---|---|
| గోడలు | 630 × 0.56 × 26 | 9,173 |
| కిటికీలు | 150 × 2.8 × 26 | 10,920 |
| బయటి తలుపులు | 12 × 3.0 × 26 | 936 |
| పైకప్పు | 420 × 0.40 × 26 | 4,368 |
| నేల అంచు | 88 × 0.9 × 26 | 2,059 |

మొత్తం 27,456 వాట్లు. బీములు, స్లాబు అంచులు, చజ్జాలు రాక్‌వూల్‌ను తెగ్గొట్టే చోట్ల జారిపోయే వేడికి 10 శాతం కలిపితే 30.2 కిలోవాట్లు అవుతుంది. గోడల విస్తీర్ణంలో నాలుగో వంతు కూడా లేని కిటికీలు గోడలకంటే ఎక్కువ వేడిని పోగొడుతున్నాయి కాబట్టి, ఖర్చు తగ్గించడానికి ఒంటి అద్దానికి మారడం ఈ లెక్కను పూర్తిగా తారుమారు చేస్తుంది.

ఇక గాలి చొరబాటు. గాలి ఒకేసారి భవనం అన్ని వైపులా లోపలికి చొరబడదు. ఒకవైపు దూరినది మరోవైపు బయటికి పోతుంది. అందువల్ల గది రేడియేటర్‌కు గదిలోని గాలి గంటకు 0.8 సార్లు మారుతుందని తీసుకున్నా, బాయిలర్ లెక్కకు అందులో సగమే తీసుకున్నాము. పై అంతస్తుల 2,260 ఘనపు మీటర్లకు ఇది గంటకు 904 ఘనపు మీటర్లు. బాత్‌రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గదికి 40 చొప్పున 960 లాగుతాయి; రెండింటినీ కలపకుండా పెద్దదైన 960నే లెక్కించాము. కింది అంతస్తు సంగతి వేరు. మెట్లదారి వెంట వెచ్చని గాలి పైకెక్కడం వల్ల 9 మీటర్ల ఎత్తుకు సుమారు 8 పాస్కల్ పీడన తేడా ఏర్పడి, లాబీ తలుపు దగ్గర చల్లగాలిని లోపలికి లాగుతుంది. రెండు తలుపుల వరండా ఉంటుందన్న షరతుతో అక్కడి 1,130 ఘనపు మీటర్లకు గంటకు ఒక మార్పు తీసుకున్నాము. వంటగది హుడ్‌కు కావలసిన గాలి బయటినుంచి నేరుగా అక్కడికే వస్తుంది కనుక ఇందులో చేరదు.

గంటకు ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వాట్లుగా, మైదాన ప్రాంతంలో లెక్కలు కట్టేవారికి అలవాటైన 0.33 గుణకాన్ని ఇక్కడ వాడకూడదు. ఈ ఎత్తున గాలి పీడనం సుమారు 79 కిలోపాస్కల్, సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 0.94 కిలోలు, గుణకం 0.26 అవుతుంది.

```
Q = 0.26 × (960 + 1130) × 26 = 14,128 W
```

పాత గుణకంతో ఇదే లెక్క దాదాపు 18 కిలోవాట్లు చూపేది. రెండు నష్టాలూ కలిపితే నిరంతరంగా నడిపినప్పుడు కావలసినది 44.3 కిలోవాట్లు.

అయితే డీజిల్ ఖర్చు దృష్ట్యా బాయిలర్‌ను ముందస్తు వేడి సమయంతో కలిపి రోజుకు 16 గంటలే నడుపుతారు. ఆగిన గంటల్లో చల్లబడిన ఇటుక, కాంక్రీటు మళ్ళీ వేడెక్కడానికి అదనపు శక్తి కావాలి. గోడలు, స్లాబుల రెండు ముఖాలు, అడ్డుగోడలు, కిటికీల వేడి గ్రహణశక్తిని కూడగడితే డిగ్రీకి సుమారు 16,400 వాట్లు. గాలి వాటాగా 543 కలిపి, డిగ్రీకి 1,704 వాట్ల నష్టంతో భాగిస్తే స్పందన గుణకం 10 వస్తుంది. ఇది బాగా బరువైన భవనం. కింది సూత్రంలో fr ఈ స్పందన గుణకం, H రోజుకు బాయిలర్ నడిచే గంటలు, F లోడ్‌ను గుణించాల్సిన విరామ హీటింగ్ గుణకం.

```
F = 24 × fr / (H × fr + 24 − H)
F = 24 × 10 / (16 × 10 + 8) = 1.43
```

లోడ్ 63.3 కిలోవాట్లకు చేరుతుంది; పైపుల నష్టం 5 శాతంతో 66.5. రోజుకు 10 గంటలే నడపాలన్న ప్రతిపాదన ప్రకారం గుణకం 2.1 అయి, పైపుల నష్టం కలపకముందే 93 కిలోవాట్లు కావలసివస్తుంది. ఇంత బరువైన కట్టడానికి అది సరికాదని మా అభిప్రాయం.

కాబట్టి ఈ ఎత్తున ఒక్కొక్కటి 35 కిలోవాట్లు నిజంగా ఇవ్వగల రెండు బాయిలర్లు ఎంచుకోవాలి. పలుచని గాలిలో బర్నర్ శక్తి తగ్గుతుంది గనుక తయారీదారు 79 కిలోపాస్కల్ వద్ద ఇచ్చే అంకెనే చూడాలి. ఒకటి చెడిపోతే రెండోదాన్ని ఆపకుండా నడిపి 44.3లో దాదాపు 79 శాతం పొందవచ్చు. స్నానపు వేడినీళ్ళ లోడ్ దీనికి వేరు.

రేడియేటర్లను గదివారీగా నిర్ణయించాలి. పై అంతస్తు మూలగదిలో గోడ 22, కిటికీ 5, పైకప్పు 20 చదరపు మీటర్లకు, 10 శాతం అదనంతో 982 వాట్లు. గంటకు 45 ఘనపు మీటర్ల చొరబాటుకు 304. మొత్తం 1,286ను 1.43తో గుణిస్తే 1,839 కనుక ఆ గదికి 1.85 కిలోవాట్ల రేడియేటర్ కిటికీ కిందనే బిగించాలి.