సరుకు స్వీకరణ, పీవోతో సరిచూడటం, తేడాల నమోదు: మెయిన్ స్టోర్స్ పని విధానం

వచ్చే నెల 1వ తేదీ నుంచి మెయిన్ స్టోర్స్‌కు వచ్చే ప్రతి లోడుకూ ఇదే పద్ధతి. స్టోర్స్, పర్చేజ్, క్వాలిటీ, అకౌంట్స్ విభాగాలన్నీ పాటించాలి. ఆర్డరు పెట్టినవారు సరుకు లెక్కపెట్టరు, లెక్కపెట్టినవారు బిల్లు పాస్ చేయరు. ఎంత రద్దీ ఉన్నా ఈ నియమానికి మినహాయింపు లేదు.

1. గేటు దగ్గర

సెక్యూరిటీ వాహనం నంబరు, వచ్చిన సమయం, చలాన్ నంబరు, మన కొనుగోలు ఆర్డరు అయిన పీవో నంబరు రిజిస్టరులో రాస్తారు. పీవో నంబరు లేకుండా వచ్చిన సరుకును దించకూడదు. పర్చేజ్‌కు ఫోన్ చేయాలి, గంటలోపు పీవో వస్తే సరే, లేకపోతే బండి వెనక్కి వెళ్తుంది. "ముందు దింపండి, కాగితం రేపు పంపుతాం" అన్న మాట ఎవరు చెప్పినా చెల్లదు.

2. దించే ముందు, దించేటప్పుడు

కంటైనర్ సీలు నంబరు చలాన్‌లో ఉన్నదేనా చూడాలి. తలుపు తెరవగానే, ఒక్క పెట్టె కూడా కదపకముందే ఫోటో తీయాలి. నలిగిన, తడిసిన, మళ్లీ టేపు వేసిన పెట్టెలు కనిపిస్తే ఆ సంగతిని డ్రైవర్ ముందే అతని కాపీ మీద, మన కాపీ మీద రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఏమీ రాయకుండా సంతకం పెట్టి పంపేస్తే, నష్టం దారిలో జరిగిందని తర్వాత నిరూపించడం చాలా కష్టం. పెట్టెలు విప్పి చూసే తీరిక లేకపోతే "పెట్టెల సంఖ్య మాత్రమే చూశాం, లోపలి సరుకు తనిఖీ కాలేదు" అని రాయాలి.

3. లెక్క

లెక్కపెట్టే వ్యక్తికి పీవో కాపీ గానీ చలాన్ గానీ ఇవ్వకూడదు. ఐటమ్ పేర్లు, కోడ్‌లు ఉండి, పరిమాణం గడి ఖాళీగా ఉన్న షీటు మాత్రమే ఇవ్వాలి. 500 అని ముందే తెలిస్తే 480 దగ్గర అలసిన కన్ను 500 చూస్తుంది. అది నిజాయితీ లేక కాదు, మనిషి స్వభావం. షీటు నింపి సంతకం చేశాక సూపర్‌వైజర్ దాన్ని పీవోతో, చలాన్‌తో పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే మరొకరు మళ్లీ లెక్కపెట్టాలి.

ఎక్కువగా పొరపాటు జరిగేది యూనిట్ల దగ్గర. బోల్టులు పీవోలో నంబర్లలో ఉంటాయి, సప్లయర్ కిలోల్లో పంపుతారు. అప్పుడు 100 బోల్టులు తూచి, ఆ బరువుతో మొత్తం నికర బరువు నుంచి సంఖ్య తేల్చాలి. డ్రమ్ములకు స్థూల బరువులోంచి ఖాళీ డ్రమ్ము బరువు తీసేయాలి. బరువుతో కొనే సరుకుకు 0.5 శాతం వరకు తేడా అనుమతి ఉంది, అయినా బుక్ చేయాల్సింది తూచిన బరువే. లెక్కతో కొనే సరుకుకు అనుమతి సున్నా.

సంఖ్య సరిపోయినంత మాత్రాన సరుకు సరిపోయినట్టు కాదు. 6204-2RS బేరింగ్ అడిగితే 6204-ZZ రావచ్చు. కొలతలు ఒకటే, కానీ మొదటిదానికి రెండు వైపులా రబ్బరు సీళ్లు, రెండోదానికి రేకు షీల్డులు. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా చదవాలి. గడువు ఉన్న సరుకుకు బ్యాచ్ నంబరు, గడువు తేదీ తప్పనిసరి.

4. జీఆర్ఎన్

సరుకు అందినట్టు చూపే పత్రం జీఆర్ఎన్, దాన్ని సరుకు దిగిన రోజే వేయాలి. చలాన్‌లో ఉన్నది కాదు, చేతికి వచ్చినదే అందులో ఉండాలి. అందినవి, అంగీకరించినవి, హోల్డ్‌లో ఉన్నవి వేర్వేరు గడుల్లో చూపాలి. హోల్డ్ సరుకు ఎర్ర ట్యాగుతో తాళం ఉన్న బేలోకి వెళ్తుంది, క్వాలిటీ సంతకం లేకుండా ప్రొడక్షన్‌కు ఇవ్వకూడదు. పీవోకన్నా ఎక్కువ వచ్చినది కూడా అక్కడే ఉంటుంది. తక్కువ వస్తే పీవో మూసేయకూడదు, మిగతాది పెండింగ్‌గా ఉంచాలి.

5. తేడాల నివేదిక

24 గంటల్లోపు ఈ నమూనాలో రాయాలి:

> పీవో 4417, లైన్ 3. బేరింగ్ 6204-2RS.
> పీవో: 500. చలాన్: 500 (10 చొప్పున 50 పెట్టెలు).
> అందినవి: 48 పెట్టెలు, 480. తక్కువ: 20.
> ఒక పెట్టె తడిసింది, అందులో 6 బేరింగ్‌లకు తుప్పు. హోల్డ్: 6. అంగీకరించినవి: 474.
> రెండోసారి లెక్క: 480. ఫోటోలు: 4. డ్రైవర్ కాపీ మీద తడి, 2 పెట్టెల లోటు నమోదయ్యాయి.
> కోరేది: 20 పంపాలి, 6 మార్చాలి.

"సరుకు బాగోలేదు" లాంటి వాక్యాలు పనికిరావు. ఏది, ఎన్ని, ఎలా అన్నవి ఉండాలి. తప్పు ఎవరిదో నివేదికలో ఊహించవద్దు.

పర్చేజ్ అదే రోజు సప్లయర్‌కు పంపి, 3 పనిదినాల్లో జవాబు తెప్పించాలి. అకౌంట్స్ పీవో, జీఆర్ఎన్, ఇన్‌వాయిస్ మూడూ కలిస్తేనే చెల్లిస్తుంది. పై ఉదాహరణలో బిల్లు 500కి వచ్చినా ప్రస్తుతానికి 474కే పాస్ అవుతుంది, మిగతా 26 డెబిట్ నోట్ గానీ కొత్త సరుకు గానీ వచ్చేదాకా ఆగుతుంది.

జీఆర్ఎన్‌లో తప్పు దొర్లితే కొట్టివేసి దిద్దకూడదు. పాతదాన్ని రద్దు చేసి, కారణం రాసి, కొత్త నంబరుతో వేయాలి. తెరిచి ఉన్న నివేదికలను సూపర్‌వైజర్ ప్రతి సోమవారం పర్చేజ్‌తో కూర్చుని చూస్తారు. లోటు సరుకు వచ్చాక, లేదా డెబిట్ నోట్ నంబరు ఎక్కించాకే నివేదిక మూసివేయాలి.