కూరగాయలు, పాలు, పెరుగు సరఫరాకు కొటేషన్ కోరుతూ

అయ్యా,

విజయవాడ గవర్నర్‌పేటలోని మా భోజన హోటల్‌కు వచ్చే నెల 1వ తేదీ నుంచి మూడు నెలలపాటు సరుకు కావాలి. మధ్యాహ్నం సుమారు 250 భోజనాలు పెడతాం.

రోజుకు టమాటా 20 కిలోలు, ఉల్లిపాయలు 25, వంకాయలు 12, దొండకాయలు 8, పచ్చిమిర్చి 3 కిలోలు, గోంగూర 30 కట్టలు. గేదెపాలు 40 లీటర్లు, గడ్డపెరుగు 25 కిలోలు. ఆదివారం అన్నీ పావువంతు ఎక్కువ.

వంకాయలు లేతవే కావాలి. గుత్తివంకాయకు నాలుగు పక్షాలుగా కోస్తే గింజ ముదిరి నల్లగా కనపడకూడదు. ఒక్క చేదుకాయ కూరంతా పాడుచేస్తుంది. గోంగూర తడిపి తేవద్దు, మధ్యాహ్నానికే కుళ్లుతుంది. పాలలో వెన్న 6 శాతానికి తగ్గకూడదు, నీళ్లు కలిశాయేమో దించుకునేటప్పుడే లాక్టోమీటర్ పెట్టి చూస్తాం. పెరుగు పుల్లబడితే తిరిగి పంపేస్తాం.

పాలు తెల్లవారుజామున 4:30కి, కూరగాయలు 6 గంటలలోపు, పెరుగు 10కి వెనక గుమ్మం దగ్గర దించాలి. పోయినేడాది పాలు ఆలస్యమై పొద్దున్నే వచ్చినవాళ్లు కాఫీ లేకుండా వెళ్లిపోయారు. ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

పాలు, పెరుగుకు మూడు నెలల స్థిర ధర, కూరగాయలకు రైతుబజారు ధరపై మీరు వేసుకునే శాతం, రవాణాతో కలిపి రాయండి. బిల్లు ప్రతి సోమవారం చెల్లిస్తాం. ఈ నెల 20లోపు కొటేషన్, ఒక రోజు నమూనా సరుకు పంపగలరు.

ఇట్లు,
మేనేజర్