తెలుగు టీచర్ పోస్టుకు దరఖాస్తు

హైదరాబాద్,
9 మార్చి 2026

ప్రిన్సిపాల్ గారికి,
మియాపూర్.

విషయం: 6 నుంచి 8 తరగతులకు తెలుగు (ద్వితీయ భాష) టీచర్ పోస్టు

అమ్మా, నమస్కారం.

మీ పాఠశాలలో వచ్చే జూన్ నుంచి తెలుగు టీచర్ కావాలని మీ గేటు దగ్గరి నోటీసులో చూశాను. ఆ పోస్టుకు నన్ను పరిశీలించమని కోరుతున్నాను. ఉస్మానియా యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలో 2025లో బి.ఎడ్. పూర్తి చేశాను. మెథడాలజీ తెలుగు. అంతకు ముందు బి.ఎ.లో కూడా తెలుగు సాహిత్యం ఒక ప్రధాన సబ్జెక్టు. టెట్ పేపర్-2 పాసయ్యాను.

ఉద్యోగ అనుభవం నాకు ఇంకా లేదు. అందుకే ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశానో కాస్త వివరంగా రాస్తాను. రెండేళ్ల బి.ఎడ్.లో 20 వారాలు బడిలోనే గడపాలి. నాకు మేడ్చల్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ కేటాయించారు. 6, 8 తరగతులకు తెలుగు చెప్పాను.

ఆ ఆరో తరగతిలో రెండు రకాల పిల్లలు ఉండేవాళ్లు. కొందరు తెలుగు గలగలా మాట్లాడతారు, కానీ పుస్తకం చేతికిస్తే ఒత్తు కనిపించగానే ఆగిపోతారు. ఇంకొందరు భవన నిర్మాణ పనుల కోసం ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. వీళ్లు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, చదివింది అర్థం కాదు. ఒకే లెసన్ ప్లాన్‌తో ఇద్దరికీ న్యాయం జరగదని మొదటి వారంలోనే తెలిసింది. మీ నోటీసులో "ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలకు నేర్పగలగాలి" అన్న వాక్యం చదివినప్పుడు నాకు ఆ తరగతే గుర్తొచ్చింది. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్ఈ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి అయింది. నగరంలో ప్రతి సెక్షన్‌లో ఇప్పుడు ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లకు తెలుగు అంటే భయం పుట్టకుండా చెప్పడమే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

నేను చేసింది ఇది. పాఠం తెరవకముందు రోజూ పది నిమిషాలు పిల్లలతో మాట్లాడించేదాన్ని. వాళ్లు చెప్పిన వాక్యాలనే బోర్డు మీద రాసేదాన్ని. ఒక అమ్మాయి "మా అమ్మ సంతలో కూరగాయలు అమ్మింది" అంది. ఆ ఒక్క వాక్యంతో "మ్మ" ఒత్తు తరగతి మొత్తానికి పట్టుబడింది. తాము అన్న మాటే బోర్డు మీద ఉంది కాబట్టి చదవడానికి ఎవరూ జంకలేదు. మాట్లాడటం వచ్చిన పిల్లను, చదవడం వచ్చిన పిల్లను పక్కపక్కన కూర్చోబెట్టాను. ఒకరు చదివితే రెండోవాళ్లు అర్థం చెప్పాలి. కొన్నాళ్లకు నేను చెప్పకుండానే ఆ జంటలు కలిసి కూర్చోవడం మొదలైంది.

హిందీ మాట్లాడే పిల్లల తప్పులకు ఒక పద్ధతి ఉంటుందని కూడా అక్కడే గమనించాను. హిందీలో ఎ, ఒ హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు కాబట్టి వాళ్లకు "నెల", "నేల" ఒకేలా వినిపిస్తాయి. "కొన", "కోన" కూడా అంతే. మాట చివరి అచ్చును మింగేసి "రామ"ను "రామ్" అని చదువుతారు. ఇది అశ్రద్ధ కాదు, వాళ్ల చెవికి ఇంకా అలవాటు కాలేదు. అందుకని ఇలాంటి జంట పదాలతో బొమ్మల కార్డులు చేశాను. నేను మాట పలికితే పిల్లలు సరైన కార్డు ఎత్తాలి. ముందు చెవికి తేడా తెలిశాక రాతలో దీర్ఘాలు వాటంతట అవే చాలావరకు సర్దుకున్నాయి. "కల", "కళ" విషయంలో మాత్రం తెలుగు ఇంటి పిల్లలు కూడా సమానంగా తడబడ్డారు, దానికి ఎక్కువ రోజులు పట్టింది.

నా క్రియా పరిశోధన కూడా దీని మీదే. డిక్టేషన్‌లో తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించే అలవాటు చాలా బడుల్లో ఉంది. పదిసార్లు రాసేటప్పుడు పిల్లల చెయ్యి కదులుతుంది, బుర్ర కదలదు. నేను నోటుబుక్కుల్లోని తప్పులను దీర్ఘాలు, ఒత్తులు, ల-ళలు అని విడదీసి, ఎవరికి ఏ రకం తప్పు ఎక్కువో ఆ రకం మాటలతో వాళ్లనే సొంత వాక్యాలు రాయమన్నాను. దిద్దడానికి టైమ్ ఎక్కువ పట్టింది. కానీ మళ్లీ పెట్టిన డిక్టేషన్‌లో తేడా స్పష్టంగా కనిపించింది. మా సూపర్‌వైజర్ గారు ఆ రికార్డును జూనియర్లకు చూపించడానికి కాలేజీలో ఉంచుకున్నారు.

ఎనిమిదో తరగతిలో పద్యాలు చెప్పాను. పద్యం రాగంతో చదవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, మా తాతగారు నేర్పారు. ఆదర్శ పఠనం అయ్యాక వెంటనే ప్రతిపదార్థంలోకి వెళ్లకుండా పిల్లలతో చప్పట్లు కొట్టించాను. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వస్తాయని బోర్డు మీద రాసేలోపే, రెండో పాదం నడక వేరేగా ఉందని వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి పట్టేశాడు. ఛందస్సు అంటే పిల్లలకు మామూలుగా టెన్షన్. చెవితో మొదలుపెడితే ఆ టెన్షన్ ఉండదని నా నమ్మకం.

ఎఫ్ఏ స్లిప్ టెస్టుల పేపర్లు తయారుచేయడం, దిద్దడం, మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించడం, ప్రార్థన సమయంలో పిల్లల చేత తెలుగు వార్తలు చదివించడం వంటివి మెంటార్ టీచర్ దగ్గర నేర్చుకున్నాను. కంప్యూటర్‌లో తెలుగు యూనికోడ్ టైపింగ్ వచ్చు, వర్క్‌షీట్లు సొంతంగా చేసుకుంటాను. హిందీ బాగా మాట్లాడతాను. తల్లిదండ్రుల మీటింగ్‌లో "మాకు తెలుగు రాదు, ఇంట్లో ఎలా చెప్పాలి" అని అడిగేవాళ్లకు వాళ్ల భాషలోనే జవాబు చెప్పగలను. మేడ్చల్‌లో కూడా ఒడిశా, బీహార్ తల్లులతో మాట్లాడే పని మెంటార్ గారు నాకే అప్పగించేవారు.

సీబీఎస్ఈ సిలబస్ నేను ఇంకా బోధించలేదు. మీరు ఎంపిక చేస్తే ఏప్రిల్, మే నెలల్లో మీ పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఏడాది ప్లాన్ సిద్ధం చేసుకుంటాను. మీ సీనియర్ తెలుగు టీచర్ల క్లాసుల్లో కూర్చుని చూసే అవకాశం ఇస్తే ఇంకా మేలు.

డెమో క్లాసుకు ఏ రోజైనా సిద్ధమే. ఒక విన్నపం: పాఠం ఏదో ముందు రోజు చెప్పి, వీలైతే టీచర్ల ముందు కాకుండా ఆరో తరగతి పిల్లల ముందే చెప్పనివ్వండి. నా బోధన ఎలా ఉంటుందో అప్పుడే మీకు సరిగ్గా తెలుస్తుంది.

బయోడేటా, మార్కుల మెమోలు, టెట్ మెమో, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కాపీలు, క్రియా పరిశోధన రికార్డులోని కొన్ని పేజీలు దీనితో జతచేశాను. ఫోన్ నంబర్ బయోడేటాలో ఉంది. నేను ఉండేది కూకట్‌పల్లిలోనే కాబట్టి మీరు ఎప్పుడు పిలిచినా రాగలను.

కృతజ్ఞతలతో,

భవదీయురాలు,
ఎం. శ్రావణి
బి.ఎ., బి.ఎడ్. (తెలుగు)